బ్రిటన్‌లో ఆఫీసు బూట్లు: తోలు ఎలా చూసుకోవాలి

భీమవరం, అమలాపురం వైపు నుంచి బ్రిటన్ బయల్దేరేవాళ్లు చాలామంది పెళ్లికని కొని, బీరువా అడుగున అట్టపెట్టెలో వదిలేసిన నల్లబూట్లనే సూట్‌కేసులో సర్దుకుంటారు. సర్దేముందు వాటిని వేళ్లు మడిచే చోట నాలుగైదుసార్లు వంచి చూడండి. పైపొర పొలుసుల్లా లేచినా, అడుగు పిండిలా రాలినా ఇంట్లోనే వదిలేయండి. అది పాలియురెథేన్ అనే ప్లాస్టిక్, వాడుకలో పీయూ. గాలిలో తేమకి అది మెల్లగా విడిపోతుంది. మన డెల్టా ముసురులో తొడక్కుండా దాచినా పాడవుతుంది. తీరా ఇంటర్వ్యూ రోజున అడుగు ఊడొచ్చేది ఇలాంటి బూట్లకే.

అక్కడ కొనేటప్పుడు ముందుగా బూటు మీదో లోపలో ఉండే చిన్న బొమ్మల చీటీ వెతకండి. పైభాగం, లోపలి అస్తరు, అడుగు దేనితో చేశారో విడివిడిగా చూపిస్తుంది. పరిచిన చర్మం ఆకారం ఉంటే తోలు. ఆ చర్మం మధ్యలో డైమండ్ గుర్తుంటే మందంగా పూత పూసిన తోలు. ఒట్టి డైమండే ఉంటే తోలు కాదు. తోలు పొట్టును జిగురుతో కలిపి రేకులా ఒత్తినదే బాండెడ్ లెదర్. అక్కడి నిబంధన దాన్ని తోలుగా లెక్కెయ్యదు. కాబట్టి పెట్టె మీద ఎంత గొప్పగా రాసినా డైమండ్‌నే నమ్మండి.

చర్మం బొమ్మ ఉన్నంతమాత్రాన రకం తెలిసిపోదు. పైపొర గీకకుండా ఉంచిన ఫుల్ గ్రెయిన్‌కీ, మచ్చలు పోయేలా గీకి పలుచని రంగు వేసిన కరెక్టెడ్ గ్రెయిన్‌కీ అదే బొమ్మ ఉండొచ్చు. ఇక్కడ పని వేళ్లదే. పక్కపక్కన 45 పౌండ్ల జత, 130 పౌండ్ల జత ఉన్నాయనుకోండి. రెండింటినీ వేళ్లు మడిచే చోట బొటనవేలితో నొక్కండి. సన్నటి ముడతలు చుట్టూ పాకి, వేలు తీయగానే సర్దుకుంటే, చర్మరంధ్రాలు ఒక క్రమం లేకుండా కనిపిస్తే ఫుల్ గ్రెయిన్ అయ్యే అవకాశం ఎక్కువ. అద్దంలా మెరుస్తూ, అచ్చు గుద్దినట్టు ఎక్కడ చూసినా ఒకే గీత ఉండి, ముడత మొద్దుగా పడితే గీకినదే. తర్వాత నాలుక పట్టీ అంచు చూడండి. అక్కడ చాలాసార్లు కోత పైకే కనిపిస్తుంది. పైనుంచి కిందిదాకా పీచు ఉంటే తోలు. గుడ్డ మీద ప్లాస్టిక్ పొర కనిపిస్తే ఇక ఆ జతతో పని లేదు.

తక్కువ ధర చాలావరకు నిజమే చెబుతుంది: 45 పౌండ్లకి కొత్త ఫుల్ గ్రెయిన్ జత, తగ్గింపు లేకుండా, దొరకడం అరుదు. ఎక్కువ ధరని మాత్రం అంత నమ్మలేం. మెరుపు కోసం కరెక్టెడ్ గ్రెయిన్ వాడిన ఖరీదైన బూట్లూ ఉంటాయి. పైగా 130 పౌండ్లలో తోలుతోపాటు కుట్టు ఖర్చూ ఉంటుంది. అడుగును జిగురుతో అంటించకుండా, పైభాగాన్నీ అడుగునూ కలిపే వెల్ట్ అనే పట్టీతో కుట్టారేమో అడగండి, అలాంటిదైతే అరిగాక కొత్త అడుగు వేయించుకోవచ్చు.

డబ్బు సరిపోకపోతే చారిటీ షాపుల్లో పాత జత చూడండి. ముడతలున్నా ఫరవాలేదు. ముడత లోపల పగులు మాత్రం ఉండకూడదు, అది పాలిష్‌తో పూడేది కాదు.