మా సంస్థకు ‘నికర’ అనే పేరు కుదిరిన తీరు

గుంటూరులోని మా విశ్లేషణ సంస్థకు మొదట ‘డేటా ఇన్‌సైట్ సొల్యూషన్స్’ అని పేరు పెట్టాము. అయితే చేసే పనినే వర్ణించే పేరును 1999 నాటి ట్రేడ్‌మార్క్ చట్టంలోని 9వ సెక్షన్ కింద తిరస్కరించవచ్చని తెలిసింది, పైగా ఒక కంపెనీ కొనుగోలు అధికారి మా కొటేషన్‌ను అటువంటి పేరే ఉన్న మరొక సంస్థదిగా పొరబడ్డారు. మిర్చి యార్డు కాటాను తలచుకొని ‘తూనిక’ అనుకున్నాము గానీ, ఫోనులో విన్నవారు కొందరు Tunika అని, కొందరు Thoonika అని రాయడంతో మెయిళ్లు దారితప్పుతాయని విడిచిపెట్టాము. చివరకు ఖర్చులన్నీ పోగా మిగిలే ‘నికర’ లాభం గుర్తుకు వచ్చింది. విన్న ఆరుగురిలో ఐదుగురు Nikara అనే రాశారు. హిందీలో పనికిరానివాడని అర్థమిచ్చే ‘నాకారా’లా వినిపిస్తుందేమోనని ఉత్తరాది మిత్రులతో పలికించి చూసి, ట్రేడ్‌మార్క్ నమోదులో మా సేవలు వచ్చే 35, 42 తరగతులలో అటువంటి పేరు లేదని వెతికి నిర్ధారించుకున్నాకే ‘నికర అనలిటిక్స్’కు దరఖాస్తు చేశాము.