పాత చిన్న కారుకు డాష్‌క్యామ్, బ్యాటరీ: రెండూ కలిపి చూసి ఎలా ఎంచుకోవాలి?

పోయిన ఏప్రిల్‌లో ఒక ఆదివారం పొద్దున ధర్మవరంలో పెళ్లికి పోదామని మా బావమరిది తన 2012 వ్యాగన్‌ఆర్ తాళం తిప్పితే టిక్ టిక్ మనడం తప్ప ఇంజన్ కదల్లేదు. "బావా, బ్యాటరీ మూడేండ్లది, పోయినట్టుండాది" అన్నాడు. అనంతపురంలో మేమెప్పుడూ చూపించే ఎలక్ట్రీషియన్ వచ్చి, బానెట్ ఎత్తకముందే అద్దం మీదున్న కెమెరా చూసి, "ఏమప్పా, ఇది ఎప్పుడు బిగించినారు?" అని అడిగినాడు. గురువారం బిగించినాం. అదీ ఇంజన్ ఆపినా రికార్డు చేసే పార్కింగ్ మోడ్‌తో, నేరుగా బ్యాటరీకి వైరు లాగి.

కెమెరా ఒక షాపులో, బ్యాటరీ ఇంకో షాపులో విడివిడిగా కొంటే ఇట్లనే అవుతుంది. కాబట్టి ఏది కొనాలన్నా ముందు ఒక లెక్క వేసుకోండి.

ముందు లెక్క

డాష్‌క్యామ్ 12 వోల్టుల దగ్గర సుమారు 0.3 ఆంపియర్లు తీసుకుంటుంది. చూస్తే తక్కువే. రోజుకు 24 గంటలు నడిస్తే మాత్రం 7 ఆంపియర్ అవర్లు దాటుతుంది. ఈ కారులో ఉండేది 35 ఆంపియర్ అవర్ల బ్యాటరీ. మొత్తం వాడుకోవచ్చు అనుకోకూడదు. స్టార్టర్ తిరగాలన్నా, ప్లేట్లు పాడు కాకూడదన్నా సగం మిగలాలి. అంటే కొత్త బ్యాటరీలో చేతికొచ్చేది 17 చిల్లర, రెండు రోజుల మీద కొంచెం. మూడేండ్ల వేసవులు తిన్న బ్యాటరీలో అసలు సత్తువే ఇరవైకి పడిపోయి ఉంటే, సగం పది. ఒకటిన్నర రోజు కూడా రాదు. మా బావమరిది స్కూలు డ్యూటీకి బస్సులో పోతాడు, కారు ఆదివారమే తీస్తాడు. గురువారం నుంచి ఆదివారం దాకా ఆ బ్యాటరీ ఎట్ల నిలబడుతుంది?

మీ కారు రోజూ అరగంటకు పైగా తిరిగేదైతే పార్కింగ్ మోడ్ పెట్టుకోవచ్చు. అయితే కెమెరాను నేరుగా బ్యాటరీకి కలిపే హార్డ్‌వైర్ కిట్‌లో వోల్టేజీ తగ్గితే ఆగిపోయే కటాఫ్ ఉండాలి, దాన్ని 12.4 వోల్టుల దగ్గర పెట్టాలి. కొన్ని కిట్లు 12.0 దగ్గర పెట్టే వస్తాయి. అంత దిగేసరికి బ్యాటరీలో నాలుగో వంతే మిగులుతుంది. వారానికోసారి తీసే కారుకు పార్కింగ్ మోడే వద్దు.

బ్యాటరీ నిజంగా పోయిందా?

వందల రూపాయల్లో దొరికే మల్టీమీటర్ చాలు. రాత్రంతా ఆగిన కారులో పొద్దున బ్యాటరీ పోళ్లకు పెడితే 12.6 వోల్టులు చూపిస్తే నిండుగా ఉన్నట్టు, 12.2 అయితే సగం. ఇంజన్ నడిపి మళ్లీ చూడండి: 13.8 నుంచి 14.4 మధ్య ఉండాలి. 13.5 కూడా రాకపోతే బ్యాటరీని చార్జ్ చేసే ఆల్టర్నేటర్‌నో దాని బెల్టునో చూపించండి. 15కు పోతుంటే రెగ్యులేటర్ చెడింది, బ్యాటరీని ఉడకబెడుతుంది. ఈ రెండూ బాగుచేయకుండా కొత్త బ్యాటరీ వేస్తే అదీ అదే దారి పడుతుంది.

మా వాడి బ్యాటరీని షాపులో రాత్రంతా చార్జ్ పెట్టి లోడ్ టెస్టర్ తగిలిస్తే పదిహేను సెకండ్లలో 9.6 వోల్టుల కిందికి జారింది. అంటే చచ్చినట్టే. కెమెరా చివరి దెబ్బ వేసింది గానీ, అప్పటికే ఎండ దాని సగం ప్రాణం తీసింది. మన దగ్గర బ్యాటరీలను చలికంటే వేడే ఎక్కువ తింటుంది. అందుకే లేబుల్ మీద చలిలో స్టార్ట్ చేసే శక్తిని చెప్పే సీసీఏ అంకె పెద్దగా ఉందని ఎక్కువ డబ్బు ఇవ్వనక్కర్లేదు.

సైజు: అంకె చూసి మోసపోవద్దు

ఈ కారుకు వచ్చే బ్యాటరీ మీద `38B20L` అని ఉంటుంది. 38 అంటే ఆంపియర్ అవర్లు అని చాలామంది అనుకుంటారు. కాదు, అది పనితనం గ్రేడు. ఆంపియర్ అవర్లు 35. B అంటే వెడల్పు, ఎత్తుల వర్గం. 20 అంటే పొడవు సెంటీమీటర్లలో, సుమారుగా. చివరి L లేదా R ప్లస్ పోల్ ఏ పక్క ఉందో చెబుతుంది. అది తారుమారైతే వైరు అందదు. లాగి బిగిస్తే ఇంకా ప్రమాదం.

"కెమెరా పెట్టుకుంటున్నారు గదా, 45 ఆంపియర్ అవర్లది వేయించుకోండి" అన్నాడు షాపతను. పెద్ద బ్యాటరీతో ఆల్టర్నేటర్ కాలిపోతుందనేది భయమే, నిజం కాదు. చిక్కు వేరే చోట ఉంది. ఆ 45 వచ్చే `B24` రకం పొడవు సుమారు 24 సెంటీమీటర్లు. 20 సెంటీమీటర్ల ట్రేలో కూర్చోదు, పైనుంచి పట్టే క్లాంపు పడదు. క్లాంపు లేని బ్యాటరీ గతుకుల రోడ్ల మీద ఊగి ఊగి లోపలి ప్లేట్లు రాలుతాయి. పైగా చివర S ఉంటే పోళ్లు లావుగా ఉంటాయి, మీ సన్న టెర్మినల్ వాటికి ఎక్కదు. కాబట్టి పోయేముందు ట్రే పొడవు టేపుతో కొలిచి, పాత బ్యాటరీ పైభాగం ప్లస్ కనపడేలా ఫోన్‌లో ఫొటో తీసుకోండి. మేము 35తోనే సరిపెట్టుకున్నాం.

కొనేటప్పుడు తయారీ నెల అడిగి చూడండి. మూడు నెలలు దాటి షాపులోనే ఉన్నదాన్ని వద్దనండి. బిగించకముందే మీటరు పెట్టమనండి, 12.5 అయినా చూపాలి.

వారంటీ లెక్క

48 నెలల వారంటీ అని అట్ట మీద ఉంటే, అందులో 24 నెలలే ఉచిత మార్పిడి కావచ్చు. మిగిలిన 24 నెలలు ప్రోరేటా, అంటే కొత్తదాని మీద తగ్గింపు మాత్రమే. ఆ తగ్గింపు షాపు ధర మీద కాదు, ఎమ్మార్పీ మీద వేస్తారు. మా వాడి అంకెలు గుండ్రంగా చెప్తాను. ఎమ్మార్పీ 5,000. పాతది ఇచ్చేస్తే షాపులో 4,000కే వస్తుంది. ప్రోరేటాలో 30 శాతం తగ్గింపు అంటే 3,500. మిగిలింది 500, దానికోసం రెండు రోజులు తిరగాలి. అందుకే మొత్తం నెలలు కాదు, ఉచిత నెలలు ఎక్కువున్నదే తీసుకోండి. ఇంకో మాట: తయారీ లోపానికే వారంటీ. చార్జ్ దిగిపోయిన బ్యాటరీని చార్జ్ చేసి తిరిగి ఇస్తారు, మార్చరు. కార్డు మీద తేదీ, బ్యాటరీ నంబరు, షాపు ముద్ర వేయించుకోకుండా కదలొద్దు.

కెమెరా

ఎండలో నిలిపిన కారు లోపల ఏప్రిల్, మే నెలల్లో చేయి పెట్టలేం. కెమెరా లోపల లిథియం బ్యాటరీ ఉంటే అది ఆ వేడికి ఉబ్బొచ్చు. దానికి బదులు వేడిని బాగా తట్టుకునే సూపర్ కెపాసిటర్ ఉన్నదే కొనండి, పెట్టె మీద ఆ మాట లేకపోతే వదిలేయండి. మెమరీ కార్డు `High Endurance` అని రాసినది వేయాలి. 64 జీబీలో ఫుల్ హెచ్‌డీ ఎనిమిది, పది గంటలు పట్టి, పాతది చెరిపి కొత్తది రాస్తూ పోతుంది. కెమెరా వారంటీ సాధారణంగా కార్డుకు వర్తించదు.

బిగించేది అద్దం వెనక, వైపర్ తుడిచే చోట, మీ చూపుకు అడ్డం రాకుండా. వైరు కోయొద్దు, కోస్తే వారంటీ పోతుంది. పొడవు మిగిలితే రూఫ్ లైనింగ్ కింద తోసేయండి. లైటర్ సాకెట్‌లో గుచ్చేముందు ఒక పని చేయండి: తాళం తీసేసి అందులో ఫోన్ చార్జర్ పెట్టి చూడండి. చార్జ్ ఎక్కుతుంటే ఆ సాకెట్ ఎప్పుడూ కరెంటు ఇస్తున్నట్టే, అక్కడ కెమెరా పెట్టొద్దు. తాళంతో ఆరేదైతే నిశ్చింత.

మా వాడి సాకెట్ తాళంతో ఆరింది, కెమెరా దానికే పెట్టినాం. మరుసటి ఆదివారం పొద్దున మీటరు 12.5 చూపించింది. పెళ్లి ఎట్లాగూ అయిపోయింది, పసుపు నీళ్లకైనా పోదామని ధర్మవరం పోయి వచ్చినాడు.