చాట్ రికార్డులు పోకుండా ఆపించుకున్న లెటర్: నా అనుభవం

నన్ను వేధించినవాడు మెసేజ్‌లు పెట్టడం, నేను చూడగానే డిలీట్ చేయడం. హైదరాబాద్‌లో సైబర్ క్రైమ్ పోలీసులకు ఫిర్యాదు ఇచ్చాను గానీ, వాళ్ల నోటీసు యాప్ కంపెనీకి వెళ్లేలోపు అకౌంటే తీసేస్తాడేమోనని ఒకటే టెన్షన్. యాప్‌లో రిపోర్ట్ బటన్, హెల్ప్ చాట్, కస్టమర్ కేర్ మెయిల్, ఏదీ పనిచేయలేదు.

పనిచేసింది ఆ కంపెనీలో ఫిర్యాదులు చూసే గ్రీవెన్స్ ఆఫీసర్‌కు రాసిన లెటర్. 2021 ఐటీ రూల్స్ ప్రకారం ఆ అధికారి 24 గంటల్లో ఫిర్యాదు అందినట్టు చెప్పాలి.

ముందు వాడి ప్రొఫైల్ లింక్ కాపీ చేసుకున్నాను. పేరు, ఫొటో ఎప్పుడైనా మార్చేయొచ్చు కాబట్టి యూజర్‌నేమ్‌తో పాటు లింక్ కూడా ఉండాలి. తర్వాత ఒక్కో మెసేజ్ తేదీ, సమయం భారత కాలమానంలో రాసి, స్క్రీన్‌షాట్లు, ఫిర్యాదు రసీదు నంబరు జతచేశాను. అసలు వాక్యం ఇది:

"ఈ రికార్డులు నాకు ఇవ్వమని అడగడం లేదు. పోలీసుల నోటీసు వచ్చేవరకు ఈ రెండు అకౌంట్ల మధ్య చాట్, రిజిస్ట్రేషన్ వివరాలు, లాగిన్ ఐపీ రికార్డులు చెరిపేయకుండా భద్రపరచండి."

రికార్డులే ఇమ్మంటే ప్రైవసీ పేరుతో తిప్పి పంపుతారు, అందుకే ఇలా రాశాను. భద్రపరిచామని జవాబుతో టికెట్ నంబరు వచ్చింది. దాన్ని దర్యాప్తు అధికారికి ఇస్తే, సార్ తన నోటీసులో అదే నంబరు వేశారు.

అన్ని యాప్‌లూ ఇలాగే స్పందిస్తాయని చెప్పలేను. మన లెటర్ వినతి మాత్రమే, పోలీసు నోటీసుకున్న బలం దానికి లేదు. ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్షన్ ఉన్నచోట మెసేజ్‌లు చదవడం కంపెనీకీ కుదరదు, అక్కడ మీ ఫోన్‌లోని చాటే ఆధారం. ఫోన్ మార్చకండి, ఆ చాట్ డిలీట్ చేయకండి.