లోడ్ పెట్టకుండా ఆల్టర్నేటర్ వోల్టేజ్ రెగ్యులేషన్ కనుక్కోవడం ఎలా?

415 వోల్టుల ఆల్టర్నేటర్ ఒకటి ఫుల్ లోడ్‌లో నడుస్తోందనుకోండి. ఫీల్డ్ రియోస్టాట్‌ను ముట్టుకోకుండా, స్పీడ్ మారనివ్వకుండా, లోడ్ మొత్తం తీసేశాం. వోల్ట్‌మీటర్ ముల్లు పైకి లేస్తుంది. లేచినంత వోల్టేజ్‌ను 415తో భాగించి నూటికి లెక్క కడితే వచ్చేదే వోల్టేజ్ రెగ్యులేషన్. ఏవీఆర్ పనిచేస్తుంటే ఈ పెరుగుదల కనబడదు, ఎందుకంటే అది వెంటనే ఫీల్డ్ కరెంట్ తగ్గించేస్తుంది. కాబట్టి ఇక్కడ చెప్పేదంతా ఏవీఆర్ లేకుండా, ఎక్సైటేషన్‌ను చేత్తో తిప్పుతున్నప్పటి మాట.

ల్యాబ్‌లోని 5 kVA మెషిన్‌కైతే నిజంగానే లోడ్ పెట్టి చూడొచ్చు. రామగుండంలో ఉన్నలాంటి 500 మెగావాట్ల జనరేటర్‌కు టెస్ట్ షెడ్‌లో అంత లోడ్ ఎక్కడి నుంచి తెస్తాం? అందుకే రెండు చిన్న టెస్టులు చేసి, మిగతాది లెక్కతో రాబడతాం. అయితే ఆ లెక్కలో ఒక మెలిక ఉంది. ఒకే మెషిన్‌కు, ఒకే రీడింగులతో, ఒక పద్ధతిలో 64 శాతం, ఇంకో పద్ధతిలో 14 శాతం వస్తుంది. రెండూ పుస్తకాల్లో ఉన్న పద్ధతులే. ఎందుకలా వస్తుందో అర్థమైతే రెగ్యులేషన్ అర్థమైనట్టే.

ముందు ఆర్మేచర్ రియాక్షన్ సంగతి

లోడ్ పడగానే వోల్టేజ్ మారడానికి మూడు కారణాలు. వైండింగ్ రెసిస్టెన్స్‌లో పోయేది కొద్దిగానే. లీకేజీ ఫ్లక్స్ వల్ల పోయేది ఇంకాస్త ఎక్కువ. అసలు ప్రభావం మూడోదానిదే: ఆర్మేచర్‌లో పారే కరెంట్ తనూ ఒక అయస్కాంత క్షేత్రాన్ని పుట్టిస్తుంది, అది రోటర్‌తో పాటే సింక్రనస్ స్పీడ్‌లో తిరుగుతూ ఫీల్డ్ ఫ్లక్స్‌తో కలిసిపోతుంది.

ఎలా కలుస్తుందన్నది పవర్ ఫ్యాక్టర్‌ను బట్టి ఉంటుంది. ఇండక్టివ్ లోడ్‌లో కరెంట్ 90 డిగ్రీలు వెనకబడితే ఆర్మేచర్ క్షేత్రం ఫీల్డ్‌కు నేరుగా ఎదురు నిలుస్తుంది, ఫ్లక్స్ తగ్గుతుంది. కెపాసిటివ్ లోడ్‌లో కరెంట్ ముందుంటే ఫీల్డ్‌కు తోడవుతుంది, అప్పుడు లోడ్ పెట్టినా వోల్టేజ్ పెరగొచ్చు. యూనిటీ దగ్గర ప్రధానంగా అడ్డంగా పడి, ఫ్లక్స్‌ను పక్కకు వంచుతుంది. అందుకే ఏ పవర్ ఫ్యాక్టర్ దగ్గరో చెప్పకుండా రెగ్యులేషన్ ఇంత అని రాస్తే ఆ అంకెకు అర్థం లేదు.

టెస్టులు ఎలా చేయాలి

ఉదాహరణకు 5 kVA, 415 V, స్టార్ కనెక్షన్, 4 పోల్, 1500 ఆర్‌పీఎం మెషిన్ తీసుకుందాం. దీన్ని తిప్పడానికి డీసీ షంట్ మోటార్ ఉంది. ఫుల్ లోడ్ కరెంట్ 7 ఆంపియర్లు, ఫేజ్ వోల్టేజ్ 240.

మొదట ఆర్మేచర్ రెసిస్టెన్స్. మెషిన్ ఆగి ఉండగా రెండు టెర్మినల్స్ మధ్య తక్కువ డీసీ వోల్టేజ్ ఇవ్వండి. 10 వోల్టులకు 3 ఆంపియర్లు వచ్చాయనుకుంటే 3.33 ఓములు. స్టార్‌లో ఇది రెండు ఫేజుల మొత్తం కనుక, ఒక్కో ఫేజ్‌కు 1.67. ఏసీకి ఇంకాస్త ఎక్కువ ఉంటుందని 1.2తో గుణిస్తే సుమారు 2 ఓములు.

తర్వాత ఓపెన్ సర్క్యూట్ టెస్ట్. మోటార్ స్టార్ట్ చేసేముందు దాని ఫీల్డ్ రియోస్టాట్‌లో రెసిస్టెన్స్ కనిష్ఠంగా ఉందో లేదో చూసుకోండి, లేకపోతే స్పీడ్ అదుపు తప్పుతుంది. ఆల్టర్నేటర్ ఫీల్డ్‌కు ఇచ్చే వోల్టేజ్ సున్నా దగ్గర ఉండాలి. 1500కి తెచ్చి, టెర్మినల్స్ ఖాళీగా ఉంచి, ఫీల్డ్ కరెంట్ పెంచుతూ లైన్ వోల్టేజ్ రాసుకోండి.

| ఫీల్డ్ కరెంట్ (A) | లైన్ వోల్టేజ్ (V) |
|---|---|
| 0 | 12 |
| 0.2 | 150 |
| 0.4 | 290 |
| 0.6 | 375 |
| 0.8 | 425 |
| 1.0 | 455 |
| 1.2 | 472 |
| 1.4 | 484 |

సున్నా దగ్గర కనబడే 12 వోల్టులు రోటర్‌లో మిగిలిపోయిన అయస్కాంతత్వం వల్ల. పెంచేటప్పుడు 0.6 దాటిపోయిందని వెనక్కి తిప్పకండి. వెనక్కి వస్తే అదే కరెంట్‌కు వేరే వోల్టేజ్ చూపిస్తుంది, గ్రాఫ్ గీసేటప్పుడు ఒక చుక్క పక్కకు పోతుంది. ప్రతి రీడింగ్ దగ్గరా ట్యాకోమీటర్ చూడాలి. స్పీడ్ 1450కి పడితే వోల్టేజ్ 3 శాతానికి పైగా తక్కువ చూపిస్తుంది.

ఇక షార్ట్ సర్క్యూట్ టెస్ట్. ఫీల్డ్‌ను మళ్లీ సున్నాకు తెచ్చి, మెషిన్ ఆపి, మూడు టెర్మినల్స్‌ను అమ్మీటర్ ద్వారా కలిపేయండి. మళ్లీ 1500కి తెచ్చి ఫీల్డ్ మెల్లగా పెంచండి. మన మెషిన్‌లో 0.5 A ఫీల్డ్ దగ్గరే 7 A వచ్చేసింది. ఫీల్డ్ తగ్గించకుండా షార్ట్ వేయడం గానీ తీయడం గానీ చేయకూడదు. చదువుకునే రోజుల్లో నేను ఒకసారి ఫీల్డ్ ఉండగానే స్విచ్ వేశాను. అమ్మీటర్ ముల్లు చివరికి కొట్టుకుని వంగిపోయింది. ల్యాబ్ అటెండర్ ఆ మీటర్‌ను నాకే చూపించి, మిగతా బ్యాచ్‌లన్నిటికీ పాఠం చెప్పాడు.

ఈ రెండో గ్రాఫ్ సరళరేఖగా రావడం గమనించండి. షార్ట్‌లో సర్క్యూట్ దాదాపు పూర్తిగా ఇండక్టివ్, కనుక ఆర్మేచర్ రియాక్షన్ ఫీల్డ్‌కు నేరుగా ఎదురు తిరుగుతుంది. లోపల మిగిలే ఫ్లక్స్ చాలా తక్కువ, ఇనుము సాచురేట్ కాదు. ఇది గుర్తుంచుకోండి, తర్వాత చిక్కంతా ఇక్కడి నుంచే పుడుతుంది.

సింక్రనస్ ఇంపెడెన్స్ పద్ధతి

0.5 A దగ్గర ఓపెన్ సర్క్యూట్ గ్రాఫ్ చూస్తే సుమారు 335 V, అంటే ఫేజ్‌కు 193.4 V. అదే ఫీల్డ్‌కు షార్ట్ కరెంట్ 7 A. భాగిస్తే 27.6 ఓములు. ఇది సింక్రనస్ ఇంపెడెన్స్. లీకేజీ, ఆర్మేచర్ రియాక్షన్ రెండింటినీ కలిపి ఒకే రియాక్టెన్స్‌గా చూస్తున్నాం. లైన్ వోల్టేజ్‌ను ఫేజ్‌కు మార్చడం మర్చిపోతే దాదాపు 48 ఓములు వస్తుంది. ల్యాబ్ రికార్డుల్లో ఎక్కువగా కనబడే తప్పు ఇదే.

రెసిస్టెన్స్ 2 ఓములే కనుక రియాక్టెన్స్ కూడా దాదాపు 27.6. ఇక లోపల పుట్టాల్సిన వోల్టేజ్:

```
E = √[ (V cosφ + I·Ra)² + (V sinφ ± I·Xs)² ]
```

ల్యాగింగ్‌కు ప్లస్, లీడింగ్‌కు మైనస్. 0.8 ల్యాగింగ్‌కు మొదటి బ్రాకెట్ 192 + 14 = 206, రెండోది 144 + 193 = 337. E విలువ 395 V. 240 నుంచి 395 అంటే రెగ్యులేషన్ 64 శాతానికి పైనే. యూనిటీకి ఇదే లెక్క 33 శాతం, 0.8 లీడింగ్‌కు మైనస్ 12 శాతం ఇస్తుంది. మైనస్ చూసి లెక్క తప్పిందని కొట్టేయకండి, లోడ్ తీసేస్తే వోల్టేజ్ తగ్గుతుందని దాని అర్థం.

ఇప్పుడు ఒక్క క్షణం ఆగి 395 V ఫేజ్‌ను లైన్‌కు మార్చండి: 684 V. పై పట్టికలో చూడండి. 1.4 A ఫీల్డ్ ఇచ్చినా ఈ మెషిన్ 484 V దాటలేదు, గ్రాఫ్ అప్పటికే దాదాపు పడుకునేసింది. అంటే మన లెక్క చెప్పిన 684 V ఈ మెషిన్‌లో ఎప్పటికీ పుట్టదు. సాచురేషన్ లేని స్థితిలో కొలిచిన ఇంపెడెన్స్‌ను, సాచురేట్ అయిన మెషిన్‌కు వాడాం, అదీ తప్పు.

415 V ఇచ్చే ఫీల్డ్ దగ్గర, అంటే 0.75 A దగ్గర, ఇంపెడెన్స్ తీసుకుంటే కొంత నయం. అక్కడ షార్ట్ కరెంట్ గ్రాఫ్‌ను పొడిగిస్తే 10.5 A, ఇంపెడెన్స్ 22.9, రెగ్యులేషన్ 53 శాతం. తగ్గింది, కానీ నమ్మేంతగా కాదు.

ఆంపియర్ టర్న్స్ పద్ధతి

ఇక్కడ ఆలోచన తలకిందులు. ఆర్మేచర్ రియాక్షన్‌ను వోల్టేజ్ డ్రాప్‌గా కాక, దాన్ని ఎదుర్కోవడానికి అదనంగా కావలసిన ఫీల్డ్ కరెంట్‌గా చూస్తాం. నిజానికి దగ్గరగా ఉన్నది ఈ చూపే. షార్ట్ టెస్ట్‌లో 7 A కోసం ఇచ్చిన 0.5 A దాదాపు ఆ పనికే ఖర్చయింది కదా.

0.8 ల్యాగింగ్‌లో రెసిస్టెన్స్ డ్రాప్ కలిపి కావలసిన వోల్టేజ్ ఫేజ్‌కు 240 + 14 × 0.8 = 251 V, లైన్‌కు 435 V. గ్రాఫ్‌లో దానికి ఫీల్డ్ 0.87 A. దీనికి 0.5 A కలపాలి, కానీ నేరుగా కాదు, కోణంతో:

```
If = √[ If1² + If2² + 2·If1·If2·sinφ ]
   = √[ 0.87² + 0.5² + 2×0.87×0.5×0.6 ] = 1.24 A
```

లోడ్ తీసేసినా ఈ 1.24 A అలాగే ఉంటుంది. ఓపెన్ సర్క్యూట్ గ్రాఫ్‌లో 1.24కి 474 V. రెగ్యులేషన్ (474 − 415) ÷ 415, అంటే 14 శాతం. ఈ అంకె గ్రాఫ్ మీదే దొరికింది కనుక మెషిన్ ఇవ్వగలిగే వోల్టేజే.

అయితే ఇదీ పూర్తిగా నిజం కాదు. లీకేజీ డ్రాప్‌ను కూడా షార్ట్ టెస్ట్‌లోని ఫీల్డ్ కరెంట్ రూపంలోనే లెక్కలోకి తెచ్చాం. ఇనుము సాచురేట్ అయినప్పుడు అదే డ్రాప్‌ను పూడ్చడానికి ఇంకా ఎక్కువ ఫీల్డ్ కావాలి. అందుకే ఈ పద్ధతి అసలు విలువకన్నా తక్కువ చూపిస్తుంది, ఇంపెడెన్స్ పద్ధతి బాగా ఎక్కువ చూపిస్తుంది. లీకేజీని, ఆర్మేచర్ రియాక్షన్‌ను విడదీసే పోటియర్ పద్ధతి ఫలితం రెండింటి మధ్య పడుతుంది. దానికి జీరో పవర్ ఫ్యాక్టర్ దగ్గర ఫుల్ కరెంట్‌తో ఇంకో టెస్ట్ కావాలి, ఇండక్టివ్ లోడ్ దొరికితేనే సాధ్యం. పై పద్ధతులన్నీ గుండ్రటి రోటర్‌ను ఊహించుకున్నవి. పోల్స్ బయటికి పొడుచుకొచ్చిన హైడ్రో మెషిన్లకు రియాక్టెన్స్‌ను రెండుగా విడదీసి లెక్కించాలి.

మీ ల్యాబ్‌లో ఇండక్టివ్ లోడ్ ఉంటే ఒక పని చేయండి. 7 A, 0.8 ల్యాగింగ్ లోడ్ పెట్టి, టెర్మినల్స్ దగ్గర 415 V వచ్చేదాకా ఎక్సైటేషన్ పెంచి, ఫీల్డ్ అమ్మీటర్ చూడండి. నేమ్ ప్లేట్ మీదున్న ఫీల్డ్ కరెంట్ మాత్రం దాటకండి. 1.24కన్నా కాస్త ఎక్కువ చూపిస్తే మీ రీడింగులు బాగానే వచ్చాయి. బాగా తక్కువ చూపిస్తే మాత్రం ముందు చూడాల్సింది ఓపెన్ సర్క్యూట్ టెస్ట్ నాటి స్పీడ్ రీడింగులనే.