“టుడే ఓన్లీ” అని రాస్తే అమెరికాలో ఏమని చదువుకుంటారు?

అమెరికా వచ్చిన మూడో వారం. డేటాబేస్ యాక్సెస్ కోసం పది రోజులు ఎదురుచూశాక ఓ బుధవారం వచ్చింది. పని ఎందుకు ఆలస్యమైందో తెలియాలని సాయంత్రం స్టేటస్‌లో రాశాను: “ఐ గాట్ డేటాబేస్ యాక్సెస్ టుడే ఓన్లీ.” నా మనసులో ఉన్నది “ఇవాళే వచ్చిందండీ” అని. మా మేనేజర్ చదువుకున్నది “ఇవాళ ఒక్కరోజుకే ఇచ్చారు” అని. ఆవిడ వెంటనే యాక్సెస్ ఇచ్చే టీమ్‌కు మెయిల్ పెట్టింది, ఒక్కరోజు ఏం సరిపోతుంది, గడువు పెంచండి అని. మేమసలు గడువే పెట్టలేదని వాళ్ల జవాబు. ఆ రెండు మెయిళ్ల మధ్య నేను దోషిలా నిలబడ్డాను. ఆలస్యానికి కారణం మాత్రం ఎవరికీ చేరలేదు.

హైదరాబాద్ ఆఫీసులో ఇదే వాక్యం ఏళ్ల తరబడి రాశాను, ఎవరూ తడబడలేదు. చదివేవాళ్లకూ అదే అలవాటు మరి. “ఇవాళే”లో చివరనున్న మన “ఏ” లాంటిదే హిందీలో “హీ”, తమిళంలో “దాన్” ఉన్నాయి. అందరం దాన్ని “ఓన్లీ” చేసి వాక్యం చివర తగిలిస్తాం, అందరికీ అర్థమవుతుంది. ఇక్కడ అలా తోకకు తగిలించిన “ఓన్లీ” ఎక్కడ కనబడుతుందో ఓసారి గమనించండి. పార్కింగ్ బోర్డు మీద “రెసిడెంట్స్ ఓన్లీ”, షాపు అద్దం మీద “టుడే ఓన్లీ”. రెండూ హద్దు గీసే మాటలే. మీ స్టేటస్‌నూ వాళ్లు అలాగే చదువుతారు.

చిక్కంతా మన “ఏ” రెండు పనులు చేయడంలో ఉంది. ఒకటి హద్దు గీయడం, రెండోది నొక్కి చెప్పడం. ఇంగ్లీషు “ఓన్లీ” ప్రధానంగా మొదటి పనే చేస్తుంది. కాబట్టి రాసేముందు ఆ వాక్యాన్ని తెలుగులో అనుకొని, “ఏ” బదులు “మాత్రమే” పెట్టి చూడండి. “స్టేజింగ్‌లోనే టెస్ట్ చేశాం”, “స్టేజింగ్‌లో మాత్రమే టెస్ట్ చేశాం”: అర్థం మారలేదు, “ఓన్లీ” వాడొచ్చు. “ఇవాళే వచ్చింది”, “ఇవాళ మాత్రమే వచ్చింది”: మారిపోయింది. ఇక్కడ “ఓన్లీ” పనికిరాదు. నేను రాయాల్సింది “ఐ డిడ్‌న్ట్ గెట్ యాక్సెస్ అంటిల్ టుడే” అని. ఇవాళ్టిదాకా రాలేదన్న ఫిర్యాదు అందులో మర్యాదగా ఇమిడిపోతుంది. “నేనే ఫిక్స్ చేశాను” కూడా ఇలాంటిదే. దాన్ని “ఐ ఓన్లీ ఫిక్స్‌డ్ ఇట్” అంటే “ఫిక్స్ చేశానంతే, ఇంకేం చేయలేదు” అని సంజాయిషీలా ఉంటుంది. “ఐ ఫిక్స్‌డ్ ఇట్ మైసెల్ఫ్” అంటే సరిపోతుంది.

“ఓన్లీ” నిజంగా కావాల్సినచోట దాన్ని దేనికి చెందుతుందో ఆ మాటకు ముందు పెట్టండి. మనకు “ఏ” మాట వెనక అతుక్కుంటుంది, బోర్డుల సంగతి ఎలా ఉన్నా వాక్యంలో వాళ్లకు మామూలుగా ముందు వస్తుంది. “వీ ఓన్లీ టెస్టెడ్ ఆన్ స్టేజింగ్” అని వాళ్లూ మామూలుగానే అంటారు, తప్పు కాదు. మాట్లాడేటప్పుడు ఏ మాట నొక్కారో చెవికి తెలుస్తుంది. రాతలో ఆ ఆసరా ఉండదు. “టెస్టే చేశాం, డిప్లాయ్ చేయలేదు” అనీ చదువుకోవచ్చు. “వీ టెస్టెడ్ ఓన్లీ ఆన్ స్టేజింగ్” అని రాస్తే ఆ సందు ఉండదు.

“ఆల్సో”కు వచ్చే తంటా వేరు. సహోద్యోగి అప్రూవ్ చేశాడు, మీరు కూడా చేయండి అని అడగాలనుకోండి. “కెన్ యూ ఆల్సో అప్రూవ్ దిస్?” అంటే, మీరు ఇంతకుముందు చేసినదానికి తోడు ఇదీ అప్రూవ్ చేయండి అన్నట్టూ వినిపిస్తుంది. తెలుగులో “కూడా” “మీరు”ను పట్టుకొని ఉంటుంది గనక సందేహం రాదు. ఇంగ్లీషులో ఆ సంగతిని విడిగా చెప్పేయడమే మేలు: ఫలానా వ్యక్తి అప్రూవ్ చేశారు, ఇక మీ అప్రూవల్ కావాలి అని రెండు వాక్యాలు.

“ఈవెన్” విషయంలో నాకు కాస్త సిగ్గుగానే ఉంటుంది. మీటింగ్ లింక్ రాలేదని ఒకరు గ్రూపులో రాస్తే, నేను “ఈవెన్ ఐ డిడ్‌న్ట్ గెట్ ఇట్” అని జవాబిచ్చాను. “నాక్కూడా రాలేదు” అనే నా ఉద్దేశం. అక్కడ మాత్రం “నా అంతటివాడికే రాలేదు” అన్నట్టు పడింది. “ఈవెన్” అంటే అనుకోనిది జరిగిందని చెప్పడం. మీటింగ్ పెట్టిన మనిషికే లింక్ రాకపోతే ఆ మాట చెల్లుతుంది. మామూలు “నాక్కూడా రాలేదు”కు “ఐ డిడ్‌న్ట్ గెట్ ఇట్ ఈదర్” చాలు. “రాలేదు” అన్నచోట చివర “ఆల్సో” పెట్టినా వాళ్ల చెవికి ఎబ్బెట్టుగానే ఉంటుంది, అర్థం మాత్రం చెడదు.