రెండు టాపిక్‌లూ బాగున్నాయి, మార్కుల పట్టిక తేల్చడం లేదు: సమస్య - పరిష్కారం

మాస్టర్స్ డిసర్టేషన్‌కు ఆరు నెలలు, అంటే 26 వారాలు ఉన్నాయి. చేతిలో రెండు టాపిక్‌లున్నాయి, రెండూ నచ్చాయి. ఆసక్తి, డేటా దొరకడం, కొత్తదనం, సమయం అని నాలుగు గళ్లు గీసి మార్కులు వేశారు. అయినా తేలలేదు. అలా ఎందుకు జరుగుతుందో, ఏం చేస్తే తేలుతుందో ఒకే ఉదాహరణతో చూద్దాం.

మొదటి టాపిక్‌ను 'నర్సులు' అందాం. రాత్రి డ్యూటీ నుంచి దిగే నర్సు తర్వాతి నర్సుకు రోగుల వివరాలు అప్పగించేటప్పుడు ఏ సమాచారం జారిపోతుందో 15 ఇంటర్వ్యూలతో తెలుసుకోవడం. రెండోదాన్ని 'వికీ' అందాం. ఒక వ్యాధి గురించి పెద్ద ప్రకటన వచ్చినప్పుడు దాని వికీపీడియా వ్యాసాన్ని చదివేవారి సంఖ్య ఎంత పెరుగుతుంది, ఎన్ని రోజుల్లో మళ్లీ మామూలు స్థాయికి వస్తుంది అన్నది.

లక్షణం 1: మార్కులు దాదాపు సమానంగా వస్తున్నాయి, వెయిటేజీ కొంచెం కదిపితే విజేత మారిపోతోంది

ఒక్కో అంశానికి 5 మార్కులు. వెయిటేజీ ఆసక్తికి 35, డేటాకు 25, కొత్తదనానికి 25, సమయానికి 15 అనుకుందాం. నర్సులకు వరుసగా 5, 2, 4, 2 వేశారు. వికీకి 3, 5, 3, 4 వేశారు. గుణించి కూడితే నర్సులకు 355, వికీకి 365. వికీ గెలిచింది. ఇప్పుడు ఆసక్తిని 40 చేసి డేటాను 20కి దించండి. నర్సులకు 370, వికీకి 355. విజేత మారింది.

కారణాలు రెండు. ఒకటి, వెయిటేజీలో 5 పాయింట్లు అటో ఇటో అన్నది ఎవరూ సమర్థించలేని తేడా. అంత చిన్న మార్పుకే ఫలితం తిరగబడిందంటే పట్టిక ఏమీ చెప్పనట్టే. రెండోది ఇంకా ముఖ్యం. కూడికలో ఒక చోటి లోటును మరో చోటి మిగులు పూడ్చేస్తుంది. ఆసక్తికి 5 ఉంటే డేటాకు 2 ఉన్న సంగతి మొత్తంలో కనబడదు. నిజంలో ఆసక్తి ఎంత ఉన్నా లేని డేటాను తెచ్చిపెట్టదు. పైగా డేటా ఆలస్యమైతే సమయమూ పోతుంది. ఆ ఒక్క చిక్కునే రెండు గళ్లలో రెండుసార్లు లెక్కపెడుతున్నారన్నమాట.

పరిష్కారం: డేటాకూ సమయానికీ మార్కులు వేయడం మానేయండి. వాటిని 'దాటిందా, దాటలేదా' అని మాత్రమే చూడండి. డేటాకు ప్రశ్న: నాలుగో వారం ముగిసేలోగా అసలైన డేటా కొంతైనా, లేదా లిఖిత అనుమతి, చేతికి వస్తుందా? సమయానికి ప్రశ్న: చివరి 6 వారాలు రాతకూ గైడ్ దిద్దుబాట్లకూ పక్కన పెట్టి, మిగిలినదాంట్లో పని పూర్తయి కనీసం రెండు వారాలు మిగులుతాయా? రెండు టాపిక్‌లూ ఈ రెండు గడపలూ దాటితేనే ఆసక్తి, కొత్తదనం పోల్చాలి. ఒకటి మాత్రమే దాటితే పోలిక అవసరమే లేదు.

లక్షణం 2: 'డేటా ఉంది' అని రాసుకున్నారు, కానీ ఇంతవరకు ఒక్క వరుస కూడా చూడలేదు

ఎక్కువ టాపిక్‌లు మునిగేది ఇక్కడే, అందుకే దీనికి కాస్త ఎక్కువ చోటిస్తున్నాం. కారణం: ఎక్కడో ఉన్న డేటాకూ మీకు అందే డేటాకూ తేడా చూడకపోవడం. 'తెలిసినవాళ్లున్నారు, ఇప్పిస్తారు' అన్న మాటను డేటా కింద జమ చేయకూడదు.

పరిష్కారం ఒక వారం పరీక్ష. రెండు టాపిక్‌లకూ ఒకే వారంలో చేయండి. లేకపోతే ముందు చూసినదాని మీద మోజు పెరిగిపోతుంది.

నర్సుల టాపిక్‌కు ఆ వారంలో అడగాల్సినవి మూడే. ఎథిక్స్ కమిటీ తర్వాతి సమావేశం ఎప్పుడు, కాగితాలు ఎన్ని రోజుల ముందు ఇవ్వాలి? ఆసుపత్రి అనుమతి దానికి ముందు కావాలా, తర్వాతా? వార్డులో ఎవరి సంతకం కావాలి? మన ఉదాహరణలో కమిటీ రెండు నెలలకోసారి కూర్చుంటుంది, రెండు వారాల ముందే కాగితాలు అందాలి. రెండో వారంలో జరిగే సమావేశానికి గడువు దాటిపోయింది, కాబట్టి పదో వారం దాకా ఆగాలి. ఉత్తరం చేతికి వచ్చేసరికి పన్నెండో వారం. ఆసుపత్రి ఆ ఉత్తరం చూశాకే అనుమతిస్తుంది, అంటే పద్నాలుగో వారం. డేటా గడప దగ్గరే ఆగిపోయింది.

వికీ టాపిక్‌కు పరీక్ష ఇంకా తేలిక. వ్యాసాలను రోజుకు ఎన్నిసార్లు తెరిచారన్న లెక్కను వికీమీడియా బహిరంగంగా ఇస్తుంది. 2015 జూలై నుంచి ఉంది. ఈ చిరునామాను బ్రౌజర్‌లో పెడితే రోజువారీ అంకెలు వస్తాయి:

```
https://wikimedia.org/api/rest_v1/metrics/pageviews/per-article/en.wikipedia/all-access/user/Mpox/daily/20240801/20240930
```

మధ్యలో ఉన్న `user` అన్న మాట బాట్ల సందర్శనలను పక్కన పెట్టి మనుషులవిగా గుర్తించినవే లెక్కిస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఎంపాక్స్‌ను అంతర్జాతీయ ఆరోగ్య అత్యవసర పరిస్థితిగా రెండోసారి ప్రకటించింది 2024 ఆగస్టు 14న. ఆ తేదీకి అటూ ఇటూ అంకెలు చూస్తే ప్రశ్నకు పనికొచ్చే డేటాయో కాదో అరగంటలో తెలుస్తుంది.

అయితే అందే డేటాకూ లోపాలుంటాయి, వాటినీ ఈ వారంలోనే పట్టుకోవాలి. మొదటి ప్రకటన 2022 జూలై 23న వచ్చింది. వ్యాధి పేరును మంకీపాక్స్ నుంచి ఎంపాక్స్‌గా ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్చింది 2022 నవంబరులో. కాబట్టి 2022 అంకెలు పాత శీర్షిక కింద వెతకాలి, 2024 అంకెలు కొత్త శీర్షిక కింద. ఒక్క శీర్షికనే లాగితే '2022లో ఎవరూ చదవలేదు' అన్న తప్పుడు ఫలితం వస్తుంది. పాత పేరు తెరిస్తే కొత్త వ్యాసానికి పంపే దారిమార్పు పేజీల ద్వారా వచ్చిన చదువరుల లెక్క కూడా విడిగానే ఉంటుంది, మీరే కలుపుకోవాలి. ఇక చదివినవారు ఏ దేశంవారో ఈ అంకెల్లో ఉండదు. మీ ప్రశ్నలో 'ఏ దేశంలో' అన్న మాట ఉంటే టాపిక్ పడిపోయినట్టే. ఆ మాట తీసేసినా ప్రశ్న నిలుస్తుంటే డేటా గడప దాటినట్టే. బహిరంగ డేటా కదా అని ఎథిక్స్ కమిటీని వదిలేయకండి. మినహాయింపు ఉంటే దాన్ని కాగితం మీద తీసుకోండి.

లక్షణం 3: ప్రణాళికలో అంతా సరిపోతోంది, అయినా లోపల అనుమానం

కారణం: ఇంటర్వ్యూలను లెక్కపెట్టారు, వాటి వెనక పనిని లెక్కపెట్టలేదు. గంట రికార్డింగ్‌ను చేత్తో రాతలోకి దింపడానికి సుమారు 4 నుంచి 6 గంటలు పడుతుంది. 15 ఇంటర్వ్యూలు గంట చొప్పున అనుకుంటే 60 నుంచి 90 గంటలు. రోజుకు 4 గంటలకు మించి ఆ పని శ్రద్ధగా సాగదు. అంటే 15 నుంచి 23 పనిదినాలు.

పరిష్కారం: సమర్పణ తేదీ నుంచి వెనక్కి లెక్క కట్టండి. నర్సుల టాపిక్‌లో పద్నాలుగో వారం తర్వాత 12 వారాలు మిగులుతాయి. రాతకు 6 పోతే 6. రాత్రి డ్యూటీ చేసేవారు కలుద్దామన్న సమయాన్ని వాయిదా వేస్తూనే ఉంటారు, కాబట్టి వారానికి మూడే జరుగుతాయనుకోండి. 15 ఇంటర్వ్యూలకు 5 వారాలు. రాతలోకి దింపే పని చాలావరకు పక్కనే నడిపినా ఇంకో వారం మిగులుతుంది. విశ్లేషణకు 3 వారాలు. మొత్తం 9. ఉన్నవి 6.

'8 ఇంటర్వ్యూలతో సరిపెడదాం' అన్న ఆలోచన వస్తుంది. 3, 1, 2 కలిపి సరిగ్గా 6 వారాలు. మిగులు సున్నా. ఒక్క నర్సు సెలవు పెట్టినా కూలుతుంది. వికీలో వ్యాసాల ఎంపికకు వారం, ప్రకటనల తేదీల జాబితాకు రెండు, విశ్లేషణకు ఆరు, రాతకు ఆరు, మొత్తం 15. 11 వారాలు మిగులు.

లక్షణం 4: అచ్చం మీ టాపిక్ లాంటి పేపరే కనబడింది, చేతులాడటం లేదు

కారణం: కొత్తదనాన్ని శీర్షిక చూసి కొలుస్తున్నారు. ఆ పేపర్ తెరిచి నాలుగు విషయాలు రాసుకోండి: ప్రశ్న ఏమిటి, ఎవరి డేటా, ఏ కాలం, ఏ పద్ధతి. పక్కనే మీవి రాయండి. కనీసం ఒకటి తేడా ఉండాలి, ఆ తేడా వల్ల జవాబు మారే అవకాశమూ ఉండాలి. వికీ టాపిక్‌లో 'చదువరులు పెరుగుతారా' అన్నది పాత ప్రశ్న. 'ఒకే వ్యాధి మీద రెండోసారి ప్రకటన వస్తే ఆసక్తి త్వరగా చల్లారుతుందా' అన్నప్పుడు జవాబు ముందుగా తెలియదు. మాస్టర్స్ స్థాయికి అంత తేడా చాలు.

దీనికి తిరగేసిన లక్షణం ఇంకా ప్రమాదం: వెతికితే ఏమీ దొరక్కపోవడం. అది కొత్తదనం కాకపోవచ్చు, వెతికిన పదం తప్పు కావచ్చు. మూడు వేరే పదాలతో వెతకండి. దగ్గరగా ఉన్న ఒక పేపర్ పట్టుకుని గూగుల్ స్కాలర్‌లో దాని కింద ఉండే `Cited by` నొక్కి, తర్వాత వచ్చినవి చూడండి.

లక్షణం 5: వికీ గెలిచింది, కానీ మనసు నర్సుల దగ్గరే ఉంది

రెండు కారణాలు ఉండొచ్చు, వేర్వేరు మందులు. మొదటిది, ఆసక్తి విషయం మీదే తప్ప రోజువారీ పని మీద కాదు. ఒక పూట తీసుకుని రెండు గంటలు ఇంటర్వ్యూ పద్ధతిలోని విసుగు పని చేయండి: బయట దొరికే ఏదైనా సంభాషణ రికార్డింగ్‌లో పది నిమిషాలు పొల్లు పోకుండా రాయండి. తర్వాత రెండు గంటలు వికీ అంకెల్లో శీర్షికలు కలపండి. ఆసక్తికి మార్కులు అప్పుడు వేయండి. వేసినవి మళ్లీ దిద్దవద్దు.

రెండోది, పట్టికలో లేని కారణం ఒకటి వెనక నుంచి లాగుతూ ఉండటం. డిగ్రీ తర్వాత ఆసుపత్రుల్లోనే పనిచేయాలన్నది కావచ్చు, గైడ్‌కు ఇంటర్వ్యూ పద్ధతి తెలుసన్నది కావచ్చు. దాన్ని పేరు పెట్టి ఐదో అంశంగా రాయండి. పాత గళ్లలో అంకెలు పెంచి దాన్ని దొంగచాటుగా దూర్చకండి. అయితే ఐదో అంశం ఎంత బలమైనదైనా గడప దాటని టాపిక్‌ను దాటించలేదు.

రెండింటినీ కలిపి ఒకే టాపిక్ చేద్దామన్న ఆలోచన కూడా ఈ దశలోనే పుడుతుంది. అప్పుడు రెండు రకాల డేటా కావాలి, కమిటీ ఉత్తరం కోసం ఎదురుచూపు అలాగే ఉంటుంది, మిగులు వారాలు పోతాయి. వద్దు.

మన ఉదాహరణలో వికీ ఎంచుకుని, ఆరో వారం చివర ఒక తనిఖీ తేదీ పెట్టుకోవాలి. అప్పటికి కనీసం పది వ్యాసాల అంకెలు పాత, కొత్త శీర్షికలు కలిపి ఒకే పట్టికలోకి రాకపోతే టాపిక్ మార్చకండి, వ్యాసాల సంఖ్య తగ్గించండి. ఇదే పోలిక మూడేళ్ల పీహెచ్‌డీకి చేస్తే పద్నాలుగు వారాల ఎదురుచూపు అడ్డే కాదు. డేటా గడపను నాలుగో వారానికి కాక ఆరో నెలకు పెట్టుకోవచ్చు. అప్పుడు నర్సుల టాపిక్ రెండు గడపలూ దాటుతుంది, ఆసక్తి, కొత్తదనాల పోలిక నిజంగా మొదలవుతుంది.