వేవిళ్లకు అల్లం టీ: ఎంత, ఎప్పుడు వద్దు

వేవిళ్లతో పొద్దున్నే కడుపులో తిప్పుతుంటే అల్లం చాలామందికి ఉపశమనం ఇస్తుంది. వికారం తగ్గుతుంది కానీ వాంతులు పూర్తిగా ఆగుతాయని అనుకోవద్దు.

రోజు మొత్తానికి తురిమిన పచ్చి అల్లం ఒక చిన్న చెంచా చాలు. ఆ అల్లంలో మూడో వంతు తీసుకుని ఒక కప్పు వేడినీళ్లలో వేసి, అయిదు నిమిషాలు మూతపెట్టి వడకట్టండి. ఇలా రోజుకు రెండు మూడు కప్పులు, గుక్కగుక్కగా. టీపొడి వేయకపోవడమే మేలు, కెఫీన్ లెక్క ఉండదు. పరగడుపున ఘాటు పడకపోతే ముందు ఒక బిస్కెట్ తినండి. శొంఠిపొడి అయితే ఇంకా తక్కువ, రోజుకు ఒక గ్రాము దాటొద్దు. గుండెల్లో మంట మొదలైతే అల్లం ఎక్కువైనట్టే, తగ్గించండి.

ఆస్పిరిన్, హెపారిన్ లాంటి రక్తం పలచబరిచే మందులు వాడుతున్నా, రక్తస్రావం కనిపించినా, ఇంతకుముందు గర్భస్రావం జరిగి ఉన్నా, పిత్తాశయంలో రాళ్లున్నా డాక్టర్‌ని అడగకుండా తాగకండి. కాన్పు దగ్గర పడ్డాక మానేయండి.

ఒక రోజంతా నీళ్లు కూడా కడుపులో నిలవకపోయినా, మూత్రం ముదురు రంగులో కొద్దిగానే వస్తున్నా, బరువు తగ్గుతున్నా అది టీతో సర్దుకునేది కాదు. వెంటనే ఆసుపత్రికి వెళ్లండి, సెలైన్ అవసరం కావచ్చు.